రీతిగౌళలో సినిమా పాట: మూడు ప్రయోగాలు ఉంచి మిగతాది వదిలేయడం

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. ఒక షార్ట్ ఫిల్మ్ కోసం రీతిగౌళలో పాట కడుతున్నాను. ఆరోహణ అవరోహణ తప్పకుండా కడితే సంగీతం క్లాసులా ఉంటోంది. కొంచెం స్వేచ్ఛ తీసుకుంటే మా మాస్టారు విని "ఇది ఆభేరి అయిపోయింది" అంటున్నారు. రాగం పోకుండా ఎంతవరకు వదలొచ్చు?

జవాబు:

నమస్తే అండీ. విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా కీబోర్డు వాయిస్తూ, చిన్న సినిమాలకు బాణీలు కడుతున్నాను. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ రీతిగౌళలోనే, అదీ ఒకే పాటలో, నాకూ వచ్చాయి. అందుకే ఆ పాటనే ముందు పెట్టుకుని చెబుతాను.

కృష్ణకు అవతల, సీతానగరం ఘాట్ దగ్గర తీసిన సీను. అబ్బాయి మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు. దర్శకుడికి మెల్లగా సాగే పాట కావాలి. పల్లవికి రెండు లైన్లు రాసుకున్నాం.

ఏటి గాలి చెప్పలేదా
నీటి మీద రాసినదీ

నేను మొదట కట్టిన వరస ఇది. ఆదితాళం, ఒక్కో దెబ్బకు రెండేసి అక్షరాలు. కామా అంటే ముందు స్వరాన్ని అంతసేపు పొడిగించడం.

స , గ రి గ మ ని , | ద మ , , ని , , , ||
ని , ద మ గ మ ప , | మ గ రి , స , , , ||

పాడి చూడండి. మొదటి లైనులో "స గ రి గ మ ని ద మ ని" వచ్చింది, అంటే రీతిగౌళ ఆరోహణ. రెండో లైనులో "ని ద మ గ మ ప మ గ రి స", అంటే అవరోహణ. తప్పు పట్టడానికి ఒక్క స్వరం లేదు. నాకు చాలా తృప్తిగా అనిపించింది. దర్శకుడు రెండుసార్లు విని, "బాగుందండీ, కానీ క్లాసు మొదలైనట్టుంది" అన్నాడు.

అతను అన్నది నిజమే. కారణం నియమాలు పాటించడం కాదు, రాగాన్నంతా రెండు లైన్లలో చెప్పేయడం. పది పదకొండు సెకన్లలో రాగం మొత్తం అయిపోతే వినేవాడి చెవికి పట్టుకోవడానికి ఒక ముక్కంటూ మిగలదు. కచేరీలో పాడేవారు ఇదే రాగాన్ని ఇరవై నిమిషాలు నడుపుతారు, ఒక్కో ప్రయోగం దగ్గర, అంటే రాగాన్ని పట్టిచ్చే ఒక్కో స్వరాల ముక్క దగ్గర ఆగుతారు, తిప్పి తిప్పి చూపిస్తారు. సినిమా పల్లవికి అంత జాగా లేదు. అందుకని ఒకటి రెండు ప్రయోగాలు తీసుకుని వాటినే మళ్లీ మళ్లీ వినిపించాలి.

అయితే ఏ ప్రయోగాలు? ఇక్కడ నేను వాడే పరీక్ష ఒకటుంది. ప్రయోగాన్ని కీబోర్డు మీద గమకం లేకుండా, అంటే స్వరాన్ని ఊపకుండా, మొద్దుగా వాయించి చూస్తాను. అప్పుడు కూడా రాగం ముఖం కనిపిస్తే అది సినిమా పాటకు పనికొస్తుంది. పాట రికార్డింగుకు వెళ్లేసరికి గమకం ఎంత మిగులుతుందో మన చేతుల్లో ఉండదు కదా. రీతిగౌళ ఈ విషయంలో మంచి రాగం. "గ మ ని ద మ" అని వాయించండి. మధ్యమం నుంచి పంచమాన్ని దాటేసి నిషాదానికి వెళ్లడం, అక్కడి నుంచి ధైవతం మీదుగా మళ్లీ మధ్యమానికే రావడం. ఈ దూకుడు మొద్దు స్వరాల్లో కూడా వినిపిస్తుంది. తోడి లాంటి రాగంలో ఇది కుదరదు. తోడి గాంధారాన్ని ఊపకుండా వాయిస్తే ఎన్ని ప్రయోగాలు వేసినా తోడి రాదు. మోహనలో ఈ బాధే లేదు, ఆ ఐదు స్వరాలు ఎలా తిప్పినా చాలావరకు మోహనే.

రీతిగౌళలో నేను ఉంచుకునేవి మూడు. మొదటిది "గ మ ని ద మ". రెండోది "గ రి గ మ", అంటే గాంధారం నుంచి ఒక మెట్టు వెనక్కి వేసి మధ్యమానికి ఎక్కడం. మూడోది "మ ని ని స", పైషడ్జానికి నిషాదం మీద రెండుసార్లు నిలబడి వెళ్లడం. త్యాగరాజస్వామి "ద్వైతము సుఖమా" కృతిని ఎవరి గొంతులోనైనా ఒకసారి శ్రద్ధగా వినండి. సాహిత్యం పక్కన పెట్టి, నిషాదం ఎక్కడెక్కడ నిలబడుతోందో మాత్రమే గమనించండి. ఈ రాగానికి ప్రాణం ఏ స్వరమో తెలిసిపోతుంది.

ఇక పల్లవిని మళ్లీ కట్టాను. సాహిత్యం అదే.

గ , , మ ని , , ద | మ , మ గ రి గ మ , ||
ప , , ప మ ప , మ | గ మ గ రి స , , , ||

మొదటి లైనులో "ఏటి గాలి" అన్నంతసేపు "గ మ ని ద", "చెప్పలేదా" దగ్గర "మ మ గ రి గ మ". అంటే నా మూడు ప్రయోగాల్లో రెండు ఒకే లైనులో ఉన్నాయి, వేరే ఏమీ లేదు. పాట షడ్జంతో మొదలు కాలేదు. నేరుగా గాంధారంతో ఎత్తుకుంటే క్లాసు వాసన సగం అక్కడే పోయింది. లైను మధ్యమం మీద ఆగింది. అది ఈ రాగంలో చక్కగా నిలబడే స్వరం, పైగా ప్రశ్నలాగా వినిపిస్తుంది, సాహిత్యం కూడా ప్రశ్నే.

రెండో లైనులో స్వేచ్ఛ తీసుకున్నాను. రీతిగౌళలో పంచమం "మ ప మ" అని మధ్యలో తాకి వచ్చేసే స్వరం, దాని మీద కూర్చోకూడదు. నేను "నీటి" దగ్గర పంచమం మీదే కూర్చున్నాను. సంప్రదాయం ప్రకారం అది తప్పు. కానీ మొదటి లైను విన్న చెవికి రాగం అప్పటికే తెలిసిపోయింది కాబట్టి, ఈ పంచమం రాగాన్ని చెరపలేదు, గాలి పీల్చుకోవడానికి చోటిచ్చింది. ఇదే పంచమాన్ని మొదటి లైనులో పెట్టి ఉంటే ఏ రాగమో తెలిసేది కాదు. నియమం తప్పడం కన్నా ఎక్కడ తప్పుతున్నామన్నదే నాకు ముఖ్యం. పల్లవి ఎత్తుగడ రాగానిది, తర్వాతి లైను నాది. ఇంతవరకు నేను ఈ వరుస మార్చలేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, మన తెలుగుకు సంబంధించినది. మొదటి వరసలో పల్లవికి ముఖ్యమైన నిషాదం ఏ అక్షరం మీద పడిందో చూడండి. "చెప్పలేదా"లో "చెప్" మీద. ఆ అచ్చు హ్రస్వం, వెంటనే ద్విత్వం వచ్చి నోరు మూసేస్తుంది. గాయని నిషాదాన్ని ఊపాలంటే ఆమెకు చోటే లేదు. రెండో వరసలో అదే నిషాదం "గాలి"లో "గా" మీదకు వచ్చింది. నోరు బాగా తెరుచుకునే ఆకారం, మూడు అక్షరాల కాలం. అక్కడ ఆమె ఒక్కసారి మెల్లగా ఊపి ధైవతానికి దిగింది. రాగం మొత్తం ఆ ఒక్క "గా"లో ఉంది. మీ పాటలో కూడా ముందు ఇది చూసుకోండి. నిషాదం ద్విత్వం మీదో, హ్రస్వం మీదో పడితే స్వరాన్ని కాదు, మాటను జరపండి. రచయితను అడిగితే ఒక మాట మార్చి ఇవ్వడానికి ఎవరూ కాదనరు.

మీ మాస్టారు ఆభేరి అన్నారు కదా. మీ వరస నేను చూడలేదు కానీ, నా చరణంలో కూడా సరిగ్గా అదే జరిగింది. చరణం మొదటి రెండు లైన్లు ఇవి.

పడవ దాటిపోతూ ఉంటే
ఒడ్డు కూడా కదిలినట్టే

మొదట ఇలా కట్టాను. ఇక్కడ షడ్జం, దాని పక్కన వచ్చే రిషభం తారస్థాయివి.

ప ప ని స , స ని , | స , రి , స , , , ||
స , ని ద , ప , , | మ ప మ గ , రి , , ||

చరణం పైకి లేవాలి, అందుకని "ప ని స" అని ఎక్కాను. రీతిగౌళలో పంచమం నుంచి నిషాదానికి ఇలా ఎక్కరు, అయినా ఒక్క లైనే కదా అనుకున్నాను. దిగేటప్పుడు "స ని ద ప మ గ రి" అని మెట్లు దిగినట్టు దిగాను. మా ఎదురింట్లో వయొలిన్ నేర్పే పెద్దాయన ఉంటారు. ఆయన వరండాలో కూర్చుని విని, "పల్లవి రీతిగౌళ, చరణం ఆభేరి, రాగమాలిక కట్టావా?" అని అడిగారు.

ఆయన మాటలో కిటుకు ఇది. ఆభేరి ఆరోహణ "స గ మ ప ని స", అవరోహణ "స ని ద ప మ గ రి స". ఇప్పుడు పాడుకునే ఆభేరిలో స్వరస్థానాలు రీతిగౌళవే: సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. తేడా అంతా నడకలోనే ఉంది. నేను ఎక్కింది ఆభేరి మెట్లు, దిగింది కూడా ఆభేరి మెట్లే. పైగా సినిమా పాటల వల్ల మన చెవులకు ఆభేరి బాగా అలవాటు. అలవాటైన రాగం రెండు ఆనవాళ్లు ఇస్తే చాలు, మనసు అటే వెళ్లిపోతుంది, పల్లవిలో విన్న రీతిగౌళను మరిచిపోతుంది.

అందుకని రెండో లైను మార్చాను. మొదటి లైను అలాగే ఉంచాను.

స , ని ద , మ , , | గ మ ప మ , గ , , ||

"ఒడ్డు కూడా"లో "డా" దగ్గర పంచమం తీసి మధ్యమం పెట్టాను. దాంతో తర్వాతి నాలుగు స్వరాలు వాటంతటవే "గ మ ప మ" అని సర్దుకున్నాయి. మళ్లీ వినిపిస్తే పెద్దాయన "ప ని స" సంగతి ఎత్తనే లేదు. ఎక్కేటప్పుడు తీసుకున్న స్వేచ్ఛ దిగేటప్పటి "ని ద మ"లో కలిసిపోయింది. అప్పటి నుంచి నాకు ఇదే కొలబద్ద: "ప ని స" అని ఎక్కితే "ద ప" అని దిగను, "ద ప" అని దిగాలనిపిస్తే "మ ని ని స" అనే ఎక్కుతాను. రెండు తలుపులూ ఒకేసారి తీయకూడదు. మీ చరణంలో రెండూ తెరిచి ఉంటే ఒకటి మూసి చూడండి, బహుశా మీ మాస్టారి ఫిర్యాదు అక్కడితో తీరిపోతుంది.

ఆభేరి ఒక్కటే కాదు, పక్కన ఇంకో ఇద్దరున్నారు. "స రి గ మ" అని వరుసగా ఎక్కి "ప ద ని" అని కొనసాగిస్తే ఖరహరప్రియ వచ్చేస్తుంది. "గ మ ప ద ప" అని పంచమం చుట్టూ తిరుగుతూ నిషాదాన్ని తేలిగ్గా వదిలేస్తే ఆనందభైరవి వచ్చేస్తుంది. మన కూచిపూడి భాగవతుల ప్రాంతం వాళ్లకు ఆనందభైరవి చిన్నప్పటి నుంచి చెవిలో ఉంటుంది, అటు జారడం చాలా సులువు. నిషాదం బలంగా నిలబడుతోందంటే మీరు రీతిగౌళలోనే ఉన్నట్టు.

చరణం మూడో లైను పూర్తిగా సీను అడిగినట్టు కట్టాను, దాని గురించి చెప్పేదేమీ లేదు. నాలుగో లైను చివర మాత్రం మూడో ప్రయోగం వాడాను. "మ ని ని స" మీద లైను ముగిసి, పైషడ్జంలో ఆగుతుంది. అక్కడి నుంచి పల్లవి గాంధారానికి రావాలంటే గాయనికి పెద్ద దూకుడు. మధ్యలో ఫ్లూట్ మీద ఒకే దెబ్బలో "స ని ద మ" అని దింపాను, ఆ మధ్యమం పట్టుకుని ఆమె "ఏటి" అని ఎత్తుకుంది. బీజీఎం బిట్లలో నేను చాలా స్వేచ్ఛగా ఉంటాను, ఒక్కోసారి అంతర గాంధారం కూడా తాకిస్తాను. చివరి రెండు బార్లు మాత్రం తిరిగి రాగంలోకి రావాలి.

కార్డ్స్ గురించి మీరు అడగలేదు కానీ, బాణీ సరిగ్గా ఉండి కూడా కార్డు వల్ల రాగం పోవడం నేను ఎక్కువగా చూశాను. షడ్జాన్ని సి అనుకోండి. నా పల్లవి మొదటి బారులో గాంధారం కింద సి మైనర్, నిషాదం దగ్గర ఎఫ్ మేజర్. నిషాదం ఎఫ్ మేజర్‌లో లేని స్వరం, అందుకే అది గాల్లో వేలాడినట్టు ఉంటుంది, ధైవతం రాగానే కార్డులో కూర్చుంటుంది. "ని ద" అనే కదలికకు కార్డు కూడా సాయం చేస్తుందన్నమాట. రెండో బారుకు బి ఫ్లాట్ మేజర్. పంచమం మీద నిలబడే లైనుకు ఇ ఫ్లాట్ మేజర్, చివర "గ మ గ రి" కింద జి మైనర్, షడ్జానికి మళ్లీ సి మైనర్.

నాతో వాయించిన కుర్రాడు అలవాటు కొద్దీ జి మైనర్ చోట జి సెవెన్ వేశాడు. మైనర్ పాటల్లో అందరి చెయ్యీ అటే వెళుతుంది. ఆ కార్డులో కాకలి నిషాదం ఉంది. పాడే స్వరాల్లో ఆ క్షణం నిషాదం లేకపోయినా, కింద అది మోగేసరికి అంతవరకు చెవిలో ఉన్న కైశికి నిషాదం చెరిగిపోయింది. మళ్లీ "గాలి" దగ్గర గాయని నిషాదం పట్టినప్పుడు అది శ్రుతి తక్కువైనట్టు వినిపించింది. ఆమె సరిగ్గానే పాడింది, కార్డు వల్ల అలా అనిపించింది. మీ పాటలో నిషాదం ఎక్కడైనా బేసురుగా తోస్తే, గాయనితో మరో టేక్ చేయించే ముందు దానికి ముందున్న రెండు బార్లలో కార్డులు చూసుకోండి.

గాయని ఊపే స్వరం కింద ప్యాడ్ సౌండ్ అదే స్వరాన్ని నిశ్చలంగా పట్టి ఉంచితే రెండూ రాసుకుంటాయి. "గా" దగ్గర నేను ప్యాడ్‌లోంచి నిషాదం తీసేస్తాను. మిక్సింగులో పిచ్ కరెక్షన్ దగ్గర కూడా ఇదే జాగ్రత్త. ఇంజనీరు లైను మొత్తానికి ఒకే సెట్టింగ్ పెడితే ఆ ఊపు గీత గీసినట్టు చదునైపోతుంది. ఆ ఒక్క అక్షరాన్ని కరెక్షన్ లేకుండా వదిలేయమని నేను పక్కనే కూర్చుని చెప్పాను.

టెంపో కూడా చూసుకోండి. మొదట 96 దగ్గర కట్టాను, "గ రి గ మ"లో రిషభం సరిగ్గా వినిపించలేదు, "గ మ" అని జారిపోయింది. 84కి తగ్గించాక నాలుగు స్వరాలూ విడివిడిగా పలికాయి. మీకు వేగంగానే కావాలంటే ఆ ప్రయోగానికి రెట్టింపు కాలం ఇవ్వండి.

ఇక మీ బాణీ ఎక్కడుందో చూసుకోవడానికి, సాహిత్యం, కార్డ్స్, రిథమ్ అన్నీ తీసేసి శ్రుతిపెట్టె ఒక్కటి పెట్టుకోండి. పల్లవిని "త"కారంతో నెమ్మదిగా పాడి మీ మాస్టారికి వినిపించండి. రాగం పేరు అడగకండి, మొదటి లైను దగ్గర ఆపి "తర్వాత ఎటు వెళ్లాలనిపిస్తోంది?" అని అడగండి. ఆయన "ని ని స" అనో, "గ మ ప మ గ" అనో పాడితే పల్లవి నిలబడినట్టే, రెండో లైనులో మీ ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. "ప ని స" అని అందుకుంటే మొదటి లైనులోనే ఎక్కడో పంచమం ఎక్కువైంది. అప్పుడు మీ మొదటి లైను స్వరాలు, ఏ అక్షరం మీద ఏ స్వరం పడుతోందో రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.